వర్గమూలం కింద భిన్నం

ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల్లో ప్రమేయాల పాఠం మొదలవగానే రెండు మాటలు ఎదురవుతాయి: ప్రదేశం, వ్యాప్తి. x స్థానంలో ఏయే సంఖ్యలు పెట్టవచ్చో వాటన్నిటి సమితి ప్రదేశం. అలా పెట్టినప్పుడు జవాబుగా ఏయే సంఖ్యలు వస్తాయో వాటి సమితి వ్యాప్తి. నిర్వచనాలు తేలికగానే ఉంటాయి. వర్గమూలం, భిన్నం ఒకేచోట కలిసినప్పుడే అసలు చిక్కు. ఆ చిక్కంతా ఈ ఒక్క ప్రమేయంలో కనిపిస్తుంది:

f(x) = √((x − 2)/(x + 1))

వాస్తవ సంఖ్యలతో పని చేస్తున్నప్పుడు హారం సున్నా కాకూడదు, వర్గమూలం కింద రుణ సంఖ్య ఉండకూడదు. మొదటి షరతు ప్రకారం x = −1 పనికిరాదు. రెండో షరతు ప్రకారం (x − 2)/(x + 1) ≥ 0 కావాలి.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. రెండు వైపులా x + 1తో గుణించి, x − 2 ≥ 0 అని రాసి, x ≥ 2 అని తేల్చేస్తారు. సమీకరణంలో అయితే అలా గుణించినా ఫరవాలేదు. అసమీకరణంలో మాత్రం రుణ సంఖ్యతో గుణిస్తే గుర్తు తిరగబడుతుంది. x + 1 ధనమో రుణమో మనకింకా తెలియదు కాబట్టి ఆ గుణకారానికి ఆధారం లేదు.

దానికి బదులు లవం సున్నా అయ్యే 2ని, హారం సున్నా అయ్యే −1ని సంఖ్యారేఖ మీద గుర్తిద్దాం. రేఖ మూడు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కలో భిన్నం గుర్తు మారదు కాబట్టి ఒక్కో సంఖ్య పెట్టి చూస్తే చాలు. x = −3 అయితే (−5)/(−2), అంటే 2.5, ధనం. x = 0 అయితే −2, రుణం. x = 5 అయితే 3/6, ధనం. మధ్య ముక్క పోయింది, అటూ ఇటూ ఉన్నవి మిగిలాయి. ఇక కొసలు: 2 దగ్గర భిన్నం సున్నా, సున్నాకు వర్గమూలం ఉంది కాబట్టి 2 చేరుతుంది. −1 దగ్గర హారమే సున్నా, అది చేరదు. కాబట్టి ప్రదేశం (−∞, −1) ∪ [2, ∞).

x = −3 దగ్గర లవం, హారం రెండూ రుణాలే, భిన్నం మాత్రం ధనం. అందుకే f(x)ను √(x − 2)/√(x + 1) అని విడదీసి రాయడం తప్పు. అలా రాస్తే వర్గమూలాలు రెండూ విడివిడిగా నిలబడాలి, దాంతో ప్రదేశం [2, ∞)కు కుదించుకుపోతుంది. చూపుకు ఒకేలా ఉన్నా అవి రెండు వేర్వేరు ప్రమేయాలు. ప్రదేశాన్ని ఎప్పుడూ ఇచ్చిన రూపం నుంచే, ఏ సూక్ష్మీకరణా చేయకముందే చూసుకోవాలి.

వ్యాప్తి కోసం ప్రశ్నను తిరగేయాలి: y అనే జవాబు రావాలంటే x ఎంత ఉండాలి? √ గుర్తు ఎప్పుడూ రుణేతర మూలాన్నే ఇస్తుంది కాబట్టి ముందే y ≥ 0 అని రాసిపెట్టుకోవాలి. ఇప్పుడు వర్గం చేస్తే y²(x + 1) = x − 2. x ఉన్న పదాలను ఒకవైపు చేర్చితే

x = (2 + y²)/(1 − y²)

ఇక్కడ హారం సున్నా కాకూడదు, y ≥ 0 కాబట్టి y = 1 ఒక్కటే తప్పుకుంటుంది. మిగతా ప్రతి y ≥ 0కూ ఒక x దొరుకుతుంది. ఆ x ఎన్నడూ −1 కాదు, అయితే 2 = −1 అని తేలాలి. కాబట్టి వ్యాప్తి [0, 1) ∪ (1, ∞).

y ≥ 0 అన్న షరతు మరిచిపోతే ఏమవుతుందో చూడండి. పై సూత్రంలో y = −2 పెట్టినా x = −2 వస్తుంది. కానీ f(−2) = √((−4)/(−1)) = 2, −2 కాదు. వర్గం చేసినప్పుడు గుర్తు చెరిగిపోయి, లేని జవాబు వచ్చి కూర్చుంది.

1 మాత్రమే ఎందుకు రాదు? లోపలి భిన్నాన్ని 1 − 3/(x + 1) అని రాస్తే కారణం కళ్లకు కడుతుంది. 3/(x + 1) ఎంత చిన్నదైనా కావచ్చు, సున్నా మాత్రం కాలేదు. x = 100 అయితే f విలువ సుమారు 0.985, x = −100 అయితే సుమారు 1.015. కుడివైపు ముక్క నుంచి వచ్చే జవాబులన్నీ 1కి లోపు, ఎడమవైపు నుంచి వచ్చేవన్నీ 1కి పైన. వర్గమూలాన్ని విడదీసి రాసినవారికి ఎడమ ముక్కతో పాటు ఆ పైభాగమంతా పోతుంది. వారికి వ్యాప్తి [0, 1) మాత్రమే మిగులుతుంది.