సైక్లిక్ వోల్టామెట్రీ: రెండు శిఖరాలు చెప్పే సంగతి

సైక్లిక్ వోల్టామెట్రీ అంటే ద్రావణంలో ముంచిన ఒక చిన్న ఎలక్ట్రోడ్ వోల్టేజిని ఒకే వేగంతో ఒక హద్దు దాకా తీసుకెళ్లి, మళ్లీ మొదలుపెట్టిన చోటికి తెచ్చి, దారి పొడవునా ఎంత కరెంటు ప్రవహించిందో గీసి చూసే పద్ధతి. అడ్డంగా వోల్టేజి, నిలువుగా కరెంటు. ద్రావణంలోని పదార్థం ఎలక్ట్రాన్లు తీసుకుని, తిరిగి ఇచ్చేదైతే గీతలో పైకొకటి, కిందికొకటి రెండు శిఖరాలు వస్తాయి. మొత్తం గీత చూడటానికి బాతు బొమ్మలా ఉంటుంది.

ఈ పద్ధతి నేర్చుకునేవారు దాదాపు అందరూ మొదట చేసే ప్రయోగం పొటాషియం ఫెర్రిసయనైడ్‌తో. 100 మిల్లీలీటర్ల నీటిలో 33 మిల్లీగ్రాముల ఫెర్రిసయనైడ్, 0.75 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కరిగిస్తే లేత పసుపు ద్రావణం తయారవుతుంది. అందులో ఫెర్రిసయనైడ్ గాఢత 1 మిల్లీమోలార్, పొటాషియం క్లోరైడ్ గాఢత 0.1 మోలార్. ఉప్పు చర్యలో పాల్గొనదు. ద్రావణం కరెంటును సులువుగా మోయడానికే దాన్ని వేస్తారు. ఇందులో మూడు ఎలక్ట్రోడ్లు ముంచుతారు. చర్య జరిగేది వర్కింగ్ ఎలక్ట్రోడ్ మీద. ఇక్కడ అది 3 మిల్లీమీటర్ల వ్యాసమున్న గ్లాసీ కార్బన్ బిళ్ల. దాని వోల్టేజిని కొలవడానికి ఆధారం రిఫరెన్స్ ఎలక్ట్రోడ్. కరెంటు మాత్రం ప్లాటినం తీగతో చేసిన కౌంటర్ ఎలక్ట్రోడ్ గుండా పోతుంది. ఒక జాగ్రత్త తప్పనిసరి: ఫెర్రిసయనైడ్‌ను గాఢమైన ఆమ్లంతో ఎన్నడూ కలపకూడదు, విషవాయువు వెలువడే ప్రమాదముంది.

వోల్టేజి +0.6 దగ్గర మొదలై సెకనుకు 0.1 వోల్టు చొప్పున −0.1 దాకా దిగి, తిరిగి +0.6కు చేరుతుందనుకుందాం. పోవడానికి ఏడు సెకన్లు, రావడానికి ఏడు. మొదట్లో దాదాపు ఏమీ జరగదు. +0.3 దాటి దిగుతుండగా ఎలక్ట్రోడ్‌కు ఆనుకుని ఉన్న ఫెర్రిసయనైడ్ ఎలక్ట్రాన్లు తీసుకుని ఫెర్రోసయనైడ్‌గా మారడం మొదలవుతుంది, కరెంటు చకచకా పెరుగుతుంది. అయితే అది పెరుగుతూనే పోదు. ఊట కన్నా వేగంగా తోడితే బావిలో నీరు అడుగంటినట్టు, ఎలక్ట్రోడ్ పక్కనున్న పదార్థం అయిపోతుంది. దూరం నుంచి మెల్లగా వచ్చి చేరేదే మిగులుతుంది. అందుకే కరెంటు ఒక ఎత్తుకు చేరి తగ్గుముఖం పడుతుంది. అదే శిఖరం. వెనక్కి వచ్చేటప్పుడు అక్కడే పోగుపడిన ఫెర్రోసయనైడ్ ఎలక్ట్రాన్లు తిరిగి ఇచ్చేస్తుంది, రెండో శిఖరం వస్తుంది. ద్రావణాన్ని కలియబెడితే ఈ బొమ్మంతా చెడిపోతుంది కాబట్టి స్కాన్ జరుగుతున్నంతసేపూ గిన్నెను కదపకూడదు.

గీతలో చూడవలసినవి మూడు: శిఖరాల మధ్య దూరం, వాటి చోటు, వాటి ఎత్తు. ఎలక్ట్రాన్ల మార్పిడి ఏ అడ్డూ లేకుండా జరిగితే, ఒక్క ఎలక్ట్రాన్ చర్యకు 25 డిగ్రీల దగ్గర శిఖరాల మధ్య దూరం సుమారు 57 మిల్లీవోల్టులు ఉండాలి. ఆచరణలో ఫెర్రిసయనైడ్‌కు 65 నుంచి 80 వస్తే ఎలక్ట్రోడ్ బాగున్నట్టే. ఎత్తును లెక్కగట్టే సూత్రాన్ని 1948లో రాండిల్స్, షెవ్‌చిక్ విడివిడిగా కనుగొన్నారు. దాని ప్రకారం పైన చెప్పిన ద్రావణానికి, 3 మిల్లీమీటర్ల బిళ్లకు సుమారు 16 మైక్రోయాంపియర్ల శిఖరం రావాలి. స్కాన్ వేగాన్ని నాలుగింతలు చేస్తే ఎత్తు రెండింతలే అవుతుంది; అలా అయితేనే పదార్థం ద్రావణంలోంచి మెల్లగా వచ్చి చేరుతోందని అర్థం. ఎత్తును సున్నా గీత నుంచి కొలవడం కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు. శిఖరానికి ముందున్న చదునైన భాగాన్ని పొడిగించి, అక్కడి నుంచి కొలవాలి. తిరుగు శిఖరానికి ఆధారం మరోటి: మొదటి శిఖరం తర్వాత తగ్గుతూ పోయే కరెంటు.

ఇప్పుడు ఒక గీతలో శిఖరాలు +0.19, +0.26 దగ్గర వచ్చాయనుకుందాం. దూరం 70 మిల్లీవోల్టులు, నడిమి విలువ 0.225. గీత చక్కగా ఉంది. మరో రోజు అదే ద్రావణంలో +0.10, +0.35 దగ్గర వచ్చాయి. నడిమి విలువ మారలేదు కానీ దూరం 250కి పెరిగింది, శిఖరాలు కుంగి వెడల్పయ్యాయి. తప్పు వర్కింగ్ ఎలక్ట్రోడ్ ముఖంలో ఉంది: మీద పేరుకున్న పొర ఎలక్ట్రాన్లకు అడ్డుపడుతోంది. ఇంకో రోజు +0.14, +0.21 దగ్గర వచ్చాయి. దూరం 70కి 70 ఉంది, ఆకారం బాగుంది, బొమ్మ మొత్తం పక్కకు జరిగింది. ఈసారి తప్పు రిఫరెన్స్‌ది. కొలతకర్ర జరిగితే కొలిచినవన్నీ ఒకే వైపు ఒకే మేర జరుగుతాయి. ఈ రెంటినీ వేరుచేసి చూడగలిగితే సగం రోజు ఆదా అవుతుంది.

రిఫరెన్స్‌ను ద్రావణాన్ని బట్టి ఎంచుకోవాలి. నీటి ద్రావణాలకు వెండి–సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ సరిపోతుంది. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ నింపితే ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ కంటే దాని వోల్టేజి 0.21 ఎక్కువ. లోపలి ఉప్పు గాఢత మారితే ఈ అంకె కూడా మారుతుంది, కాబట్టి ఫలితం పక్కన ఆ గాఢతను రాయాలి. ద్రావణంలో పెర్‌క్లోరేట్ ఉంటే కష్టం: లోపలి పొటాషియంతో కలిసి కరగని ఉప్పు ఏర్పడి, కొనలోని సన్నని రంధ్రాల బిరడాను మూసేస్తుంది. అలాంటప్పుడు లోపల సోడియం క్లోరైడ్ వాడవచ్చు. గాఢమైన క్షార ద్రావణాల్లో మెర్క్యురీ ఆక్సైడ్ రకం మెరుగు. అసిటోనైట్రైల్ వంటి నీరు లేని ద్రావణాల్లో వెండి తీగ, వెండి నైట్రేట్‌తో చేసిన ఎలక్ట్రోడ్ వాడి, చివర్లో కొంచెం ఫెర్రోసీన్ వేసి, దాని నడిమి విలువనే సున్నాగా తీసుకుంటారు. ఎలక్ట్రోడ్ జరిగిందేమోనన్న అనుమానం వస్తే, దాన్ని, ఎప్పుడూ వాడకుండా దాచిన మరో ఎలక్ట్రోడ్‌ను ఒకే ఉప్పు ద్రావణంలో ముంచి మల్టీమీటరుతో చూడాలి. ఒకే రకానివైతే తేడా నాలుగైదు మిల్లీవోల్టులకు మించకూడదు.

గ్లాసీ కార్బన్ ముఖాన్ని శుభ్రం చేసేది అల్యూమినా పొడి. తడిపిన పాలిషింగ్ గుడ్డ మీద చిటికెడు పొడి వేసి, నీటితో పలచని ముద్ద చేసి, ఎలక్ట్రోడ్‌ను నిట్టనిలువుగా పట్టుకుని ఇంగ్లీషు ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలి. వంచి పట్టుకుంటే ముఖం ఒక వైపు అరిగిపోతుంది. మొదట 0.3 మైక్రాన్ల పొడి, తర్వాత 0.05 మైక్రాన్ల పొడి, ఒక్కోదానితో ఒకటి రెండు నిమిషాలు చాలు. ఒక్కో పొడికి వేరే గుడ్డ ఉండాలి. ముతక రేణువు ఒక్కటి సన్నపొడిలో పడినా గీతలు పడతాయి. ఆ తర్వాత శుద్ధమైన నీటితో బాగా కడిగి, అల్ట్రాసోనిక్ తొట్టెలో ఒక నిమిషం ఉంచాలి, ఎందుకంటే అంటుకున్న అల్యూమినా కూడా మురికే. ముఖం అద్దంలా కనిపించినా అది రుజువు కాదు, కంటికి కనపడని పొర ఉండవచ్చు. ఎలక్ట్రోడ్‌ను ద్రావణంలో ముంచాక కింద గాలిబుడగ చిక్కుకుందేమో కూడా చూడాలి. బుడగ ముఖాన్ని కొంత కప్పేస్తే శిఖరం ఎత్తు తగ్గిపోతుంది.

బంగారం, ప్లాటినం ఎలక్ట్రోడ్లకు పాలిష్ తర్వాత మరో మెట్టుంది. 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వోల్టేజిని పదేపదే తిప్పుతూ, వరుస గీతలు ఒకదాని మీద ఒకటి అచ్చంగా పడేదాకా ఆగాలి. ఆమ్లాన్ని పూర్తిగా కడిగాకే ఫెర్రిసయనైడ్‌లో ముంచాలి.

శుభ్రం చేసిన గ్లాసీ కార్బన్ గాలిలో వదిలేసినా మెల్లగా మళ్లీ మురికి పడుతుంది. అందువల్ల నిన్నటి పాలిష్ ఇవాళ్టి కొలతకు పనికిరాదు. ప్రతి రోజూ పాలిష్ చేసి, ఫెర్రిసయనైడ్ గీత ఒకటి తీసి, శిఖరాల మధ్య దూరాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నాకే అసలు నమూనా ముట్టుకోవాలి.