అమ్మ ఇల్లు మూడు లక్షలకే రాసిచ్చిందట!

అమ్మ ఉన్నన్నాళ్లూ ఇంటి ఊసు ఎవరూ ఎత్తరు. దినాలైపోయి, చుట్టాలంతా బస్సెక్కాక బయటపడుతుంది సంగతి. "ఇల్లు అమ్మ నాకెప్పుడో అమ్మేసింది" అంటాడు పెద్దన్న. అంతే, రాఖీ పండుగకు కూడా రాకపోకలుండవు.

వనపర్తిలో అలాంటి ఇల్లొకటి అనుకోండి. బజారు ధర పాతిక లక్షలు. అమ్మ పెద్దకొడుకు దగ్గరే ఉండేది. డెబ్బై ఎనిమిదో ఏట అతనికి మూడు లక్షలకు సేల్ డీడు రాసి, రిజిస్టరు చేసింది. రెండేళ్లకు కన్నుమూసింది. గద్వాలలో ఇచ్చిన కూతురు, నాగర్‌కర్నూలులో ఉన్న చిన్నకొడుకు ఇప్పుడు కోర్టుకు పోతామంటున్నారు. "అన్న అమ్మను చూసుకున్నడు, కాదంటలేను. గని గంత ఇల్లు మూడు లక్షలకా?" అని కూతురు కళ్లొత్తుకుంటుంది.

ఆమె బాధ న్యాయమే కావచ్చు. కానీ ధర తక్కువ అన్న ఒక్క మాటతో కేసు నిలవదు సుమండీ! కాంట్రాక్టు చట్టం 25వ సెక్షనులో వెయ్యి రూపాయల గుర్రాన్ని పది రూపాయలకు అమ్మిన ఉదాహరణే ఉంది. మనస్ఫూర్తిగా అమ్మితే ఆ బేరం చెల్లుతుంది. అయితే ఇష్టపడే అమ్మారా లేదా అని తేల్చేటప్పుడు మాత్రం కోర్టు ఆ తక్కువ ధరను కూడా లెక్కలోకి తీసుకోవచ్చు.

అందుకని కూతురు ముందు చూడాల్సింది ధర కాదు, ఆ ఇల్లు ఎవరిది అన్నది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించి, పాత దస్తావేజుల నకళ్లు తెచ్చుకోవాలి. ఇల్లు అమ్మ సొంతమైతే ఆమె ఇష్టం. అలాకాక నాన్న స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ ముగ్గురు పిల్లలకూ తలా పావు వాటా. (నాయనమ్మ అప్పటికి బతికుంటే ఆమెకూ ఒక వాటా.) అప్పుడు అమ్మ అమ్మగలిగింది తన పావు వాటానే. ఇంటిపన్ను రసీదు అమ్మ పేరున వచ్చినంత మాత్రాన ఇల్లంతా ఆమెది అయిపోదు. చాలా తగాదాలు ఇక్కడే తేలిపోతాయి.

మన కథలో ఇల్లు అమ్మ పేరునే కొన్నదనుకుందాం. ఇక రెండో ప్రశ్న: ఆ మూడు లక్షలు ఏమయ్యాయి? దస్తావేజులో "నగదుగా ముట్టినవి" అని రాసి ఉంటుంది. అమ్మ పింఛను పాస్‌బుక్కులో పడ్డాయా? అన్న ఖాతాలోంచి ఆ నెలలో తీశాడా? ధర ఇచ్చిందీ లేదు, ఇస్తానన్నదీ లేదు, ఉత్తుత్తి అంకె వేశారని రుజువైతే అది అమ్మకమే కాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. పంజాబునుంచి వెళ్లిన ఆ కేసు కూడా అన్నదమ్ములదే. అయితే నిజంగా ఒప్పుకున్న ధరలో కొంత బాకీ పడితే మాత్రం అమ్మకం పోదు, ఆ బాకీ అడగడమే మిగులుతుంది. ఈ తేడా చాలామందికి తెలియదు.

మూడోది, అమ్మ మనసు. ఆఫీసుకు ఎవరు తీసుకెళ్లారు? ఆమె చదవగలదా, లేకపోతే ఎవరు చదివి వినిపించారు? సాక్షులిద్దరూ అన్న బావమరుదులేనా? ఆ రోజుల్లో ఆస్పత్రి చీటీల్లో ఏముంది? కొడుకు ఇంట్లో అన్నం తిన్నంతమాత్రాన బలవంతం అయినట్టు కాదు. కానీ ముసలితనంలో అన్నిటికీ అతనిపైనే ఆధారపడిందనీ, బేరం అతనికే లాభమనీ తేలితే, కపటం లేదని చూపాల్సిన భారం అతని మీద పడుతుంది.

గడువు కూడా ఉంది. దస్తావేజు రద్దు కోరాలంటే, మోసం సంగతి తెలిసిన నాటినుంచి మూడేళ్లే. అమ్మకే తెలిసి ఊరుకుని ఉంటే పిల్లలకు కొత్తగా గడువు పుట్టదు. అందుకే పెద్దమనుషుల పంచాయతీలతో ఏళ్లు గడిపేయకండి.

ఇంతకీ ఆ తల్లి అసలు ఉద్దేశం చూసుకున్న కొడుక్కి ఇల్లు ఇవ్వాలనే అయితే, అమ్మకమని ఎందుకు రాయించినట్టు? "గిఫ్టు అంటే తోబుట్టువులు విరగ్గొడతారు" అన్న భయం! నిజానికి తన సొంత ఇంటిని ఆమె గిఫ్టు డీడుతో ఇవ్వవచ్చు. అందులో ధరే ఉండదు కాబట్టి, డబ్బేదీ అన్న ప్రశ్నే రాదు. కుటుంబంలో గిఫ్టుకు స్టాంపు ఖర్చూ తక్కువే. బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు తనకే ఉంచుకుని కూడా రాయవచ్చని 2014లో, మన ఉమ్మడి రాష్ట్రంనుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది. పోషించాలన్న షరతు కూడా అందులో రాయిస్తే, కొడుకు మాట తప్పిన రోజు ఆమే 2007 నాటి వృద్ధుల చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. మూడు లక్షల సేల్ డీడులో అలాంటి షరతు ఎవరు రాయిస్తారు చెప్పండి!