తలకు వంద, కనీసం రెండున్నర వేలు

పీఎఫ్ కట్టడానికి ప్రతి నెలా ఆఖరి తేదీ పదిహేను. ఈఎస్ఐకీ అదే తేదీ. జనవరి పదిహేను మాత్రం సంక్రాంతి పండగలోనే పడుతుంది. హైదరాబాద్ సగం ఖాళీ అయిపోయి, లెక్కలు రాసే గుమాస్తా గోదావరి జిల్లాల బస్సెక్కాక, డిసెంబరు జీతాల తాలూకు చలాను ఎవరు కట్టాలి? చిన్న వర్క్‌షాపుల యజమానులు పేరోల్ సాఫ్ట్‌వేర్ వైపు చూసేది ఇలాంటప్పుడే. వెతకగానే కనిపించే ప్రకటన తీరు కూడా ఇంచుమించు ఒకటే: ‘ఉద్యోగికి నెలకు వంద రూపాయలు మాత్రమే. పీఎఫ్, ఈఎస్ఐ, ప్రొఫెషనల్ టాక్స్ అన్నీ మావే.’

పద్నాలుగు మంది ఉన్నవాడు వెంటనే నోటి లెక్క వేస్తాడు. పద్నాలుగు వందలు, పర్లేదే అనుకుంటాడు. తీరా బిల్లు 2,950 రూపాయలు వస్తుంది.

ఆ తేడా ఎక్కడిదో తెలియాలంటే బాలానగర్‌లో ఒక లేత్ షెడ్డును ఊహించుకుందాం. రెండేళ్ల కిందట అక్కడ 21 మంది పనిచేసేవారు. ఇరవై దాటడంతో పీఎఫ్ చట్టం కిందికి వచ్చింది. తర్వాత ఆర్డర్లు తగ్గి 14 మంది మిగిలారు. అయినా పీఎఫ్ పోలేదు. ఒకసారి చట్టం పరిధిలోకి వచ్చిన సంస్థ, మనుషులు తగ్గినంత మాత్రాన బయటపడదు. ఈఎస్ఐకి పది మంది చాలు కాబట్టి అదీ ఉంది. లెక్క తేలిగ్గా ఉండటానికి అందరికీ జీతం 16,000 అనీ, అంతా బేసిక్, డీఏలేననీ అనుకుందాం.

ఈ షెడ్డు ముందు రెండు ప్లాన్లు ఉన్నాయనుకుందాం. అంకెలు మచ్చుకు వేసినవే గానీ, బజార్లో నడిచే పద్ధతి ఇదే. మొదటిది తలకు 50 రూపాయలు, కనీస చార్జీ లేదు. రెండోది తలకు 100, కానీ నెలకు కనీసం 2,500. రెండోదాంట్లో పద్నాలుగు మందికి 1,400 అయినా, కనీస చార్జీ అంతకంటే ఎక్కువ కాబట్టి బిల్లు 2,500 దగ్గరే నిలుస్తుంది. దానిపై 18 శాతం జీఎస్టీ 450. మొత్తం 2,950. అంటే పన్ను కలపక ముందే తలకు దాదాపు 179 రూపాయలు పడుతోంది. ప్రకటనలో ఉన్న వంద నిజం కావాలంటే షెడ్డులో 25 మంది ఉండాలి. రేటు చూసే ముందు కనీస చార్జీని ఆ రేటుతో భాగిస్తే ఈ 25 బయటపడుతుంది. మన సంఖ్య దానికి ఎంత కింద ఉంటే తలకు పడే ఖర్చు అంత పైకి పోతుంది. మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న షెడ్డయితే ఆ 450 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. కాంపొజిషన్ స్కీములో ఉన్నవాడికి రాదు.

మరి అమ్మేవాడు ఈ కనీసం ఎందుకు పెడతాడు? ఇందులో మోసమేమీ లేదు. పద్నాలుగు మంది ఉన్నా నలభై మంది ఉన్నా పీఎఫ్‌కు నెలకు తయారయ్యే ఫైలు ఒకటే. పద్నాలుగో తేదీ సాయంత్రం వచ్చే కంగారు ఫోన్‌కాల్ కూడా ఒకటే. చిన్న సంస్థ దగ్గర వచ్చేది తక్కువ, అడిగేది ఎక్కువ. ఆ మాటకొస్తే ప్రభుత్వానికీ ఈ అలవాటు ఉంది. పీఎఫ్ ఆఫీసు యజమాని దగ్గర తీసుకునే అడ్మిన్ చార్జీ వేతనాల్లో అర శాతం, కానీ నెలకు కనీసం 500. పీఎఫ్ లెక్కించే వేతనాల మొత్తం లక్ష దాటకపోతే ఆ కనీసమే పడుతుంది. 15,000 చొప్పున ఆరుగురున్న చోట అర శాతం అంటే 450. అయినా కట్టాల్సింది 500.

రెండు ప్లాన్ల మధ్య అసలు తేడా ధరలో లేదు, ‘ఫైలింగ్’ అన్న మాటలో ఉంది. ఒకడి దృష్టిలో ఫైలింగ్ అంటే ఫైలు తయారుచేసి ఇవ్వడం. ఇంకొకడి దృష్టిలో దాన్ని పోర్టల్‌లో ఎక్కించి, డబ్బు కట్టి, రసీదు తెచ్చి పెట్టడం. మొదటి ప్లాన్ ఇచ్చేది ఫైలు మాత్రమే అనుకుందాం. ఆ ఫైలు ఎలా ఉంటుందో ఒక్కసారి చూస్తే ఎంత పని మిగిలి ఉందో అర్థమవుతుంది. పీఎఫ్ పోర్టల్ అడిగే ఈసీఆర్ అనేది మామూలు టెక్స్ట్ ఫైలు. మనిషికొక వరుస:

```
100XXXXXXXXX#~#RAMANA#~#16000#~#15000#~#15000#~#15000#~#1800#~#1250#~#550#~#0#~#0
```

మొదట యూఏఎన్ నంబరు, తర్వాత పేరు. ఆ పక్కన 16,000 మొత్తం జీతం. తర్వాతి మూడు పదిహేను వేలు పీఎఫ్, పెన్షన్, బీమా లెక్కించే వేతనాలు. పరిమితి 15,000 కాబట్టి అక్కడ ఆగాయి. 1,800 ఉద్యోగి వాటా, పన్నెండు శాతం. యజమాని కట్టే 1,800లో 8.33 శాతం లెక్కన 1,250 పెన్షన్‌కు పోగా మిగిలిన 550 పీఎఫ్‌లో పడుతుంది. చివరి రెండు సున్నాల్లో మొదటిది జీతం లేని రోజులు, రెండోది తిరిగి కట్టిన అడ్వాన్సు. ఈఎస్ఐకి 120, ప్రొఫెషనల్ టాక్సుకు 150 కూడా పోతే ఆ మనిషి చేతికి వచ్చేది 13,930.

ఈ వరుస తయారుచేయడం సాఫ్ట్‌వేర్‌కు క్షణం పని. పోర్టల్ దాన్ని ఒప్పుకోవడం వేరే సంగతి. యూఏఎన్‌కు ఆధార్ జతపడకపోతే ఆ మనిషి పేరు మీద డబ్బు కట్టనివ్వదు. పేరులో ఇంటిపేరు ముందుందా వెనకుందా అన్న చిక్కు మన దగ్గర మామూలే. ఆధార్‌లో ఒకలా, పీఎఫ్‌లో ఒకలా ఉంటే దాన్ని సరిచేయించాల్సింది యజమాని, కార్మికుడు కలిసే. ఏ ప్లాన్ కొన్నా ఆ తిరుగుడు తప్పదు. ‘మేమే ఫైల్ చేస్తాం’ అనేవాడు కూడా ఇలాంటి మనిషిని పక్కన పెట్టి మిగతా పదమూడు మందికి కట్టేసి, ఒక మెయిల్ పంపి ఊరుకోవచ్చు. ఆ మెయిల్ ఎవరూ చదవకపోతే ఆ కార్మికుడి పాస్‌బుక్‌లో నెలల తరబడి ఖాళీయే.

ఇక డబ్బు. మన షెడ్డు నెలకు కట్టే పీఎఫ్ మొత్తం 52,500: కార్మికుల వాటా 25,200, యజమాని వాటా 25,200, బీమాకు 1,050, అడ్మిన్ చార్జీ 1,050. రెండో ప్లాన్ వాడు దీన్ని కట్టాలంటే డబ్బు అతని చేతికి ముందే అందాలి. పదిహేనుకు కట్టాల్సిన దాన్ని నాలుగైదు రోజుల ముందే పంపమంటాడు. కస్టమర్ల నుంచి డబ్బు పన్నెండో తేదీకి గానీ రాని షెడ్డుకు ఆ సదుపాయం పనికిరాదు. ప్లాన్ కొనేముందు ఈ తేదీ అడిగేవాళ్లు తక్కువ.

ఆలస్యమైతే? రెండు రోజుల ఆలస్యానికి ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ 35 రూపాయలు కూడా కాదు. దాని మీద డ్యామేజీల పేరుతో ఇంకొంత. ఇంతేగా అనిపిస్తుంది. కానీ 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో ఇచ్చిన తీర్పుతో దెబ్బ ఇంకో వైపు నుంచి తగిలింది. కార్మికుల జీతంలోంచి కోసిన వాటాను గడువులోగా కట్టకపోతే, ఆదాయపు పన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా చూపడానికి వీల్లేదంది కోర్టు. తర్వాత కట్టినా సరే. 2023లో మన షెడ్డు ఒక భాగస్వామ్య సంస్థగా ఒక్క నెల ఇలా తప్పి ఉంటే, 25,200 మీద 30 శాతం చొప్పున 7,560 అదనపు పన్ను, పైన సెస్సు. సాఫ్ట్‌వేర్‌కు రెండున్నర నెలల బిల్లు అది. ఈ ఏడాదికి నిబంధన ఎలా ఉందో ఆడిటర్‌ను అడిగి తెలుసుకోవాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీవాడి పొరపాటు వల్ల ఆలస్యమైనా పీఎఫ్ ఆఫీసు నోటీసు వచ్చేది యజమానికే. కంపెనీ ఏ మేరకు భరిస్తుందో ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది తరచుగా మనం కట్టిన ఫీజును మించదు.

లెక్క సరిగ్గా వేస్తుందో లేదో డెమోలోనే పట్టుకోవచ్చు. ఒక కార్మికుడి జీతం జులైలో 20,000 నుంచి 22,000కు పెంచి చూడాలి. ఈఎస్ఐ పరిమితి 21,000 కాబట్టి పైపైన చూస్తే జులై నుంచే కోత ఆగాలి. కానీ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక చందా కాలం, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకొకటి. మొదట్లో పరిధిలో ఉన్నవాడు ఆ కాలం పూర్తయ్యేదాకా ఉంటాడు. అంటే సెప్టెంబరు వరకు 22,000 మీద 0.75 శాతం, అంటే 165 రూపాయలు, పడుతూనే ఉండాలి. జులై పేస్లిప్‌లో ఈఎస్ఐ సున్నా అయితే ఆ సాఫ్ట్‌వేర్‌కు దండం పెట్టి రావడమే.

బిల్లులో తల లెక్క ఎలా పెడతారన్నది ఇంకో సంగతి. పది రోజులు పనిచేసి చెప్పాపెట్టకుండా పోయిన హెల్పరు కూడా ఆ నెల ఒక తలే. వాడు పోయాడని నమోదు చేయకపోతే వచ్చే నెలా తలే. ఏడాదికి ముందే కడితే రేటు తగ్గుతుందని ఏప్రిల్‌లో 21 మందికి కట్టేసినవాడికి, దసరాకు 14 మందే మిగిలితే ఆ ఏడుగురి డబ్బు చాలా ప్లాన్లలో వెనక్కి రాదు. చిన్న షెడ్డుకు నెలనెలా కట్టే రేటు కాస్త ఎక్కువైనా అదే నయం.

ఇంతకీ బాలానగర్ షెడ్డు ఏది తీసుకోవాలి? మొదటి ప్లాన్ 700, జీఎస్టీతో 826. పోర్టల్ పని చూసినందుకు గుమాస్తాకు ఇంకో వెయ్యి ఇచ్చినా రెండోదానికంటే చవకే. పైగా తెలంగాణ ప్రొఫెషనల్ టాక్సు పదో తేదీకే కట్టాలి. పీఎఫ్, ఈఎస్ఐ చేసిపెడతామనే కొన్ని ప్లాన్లలో అది లేనే లేదు, కాబట్టి గుమాస్తా ఎలాగూ కూర్చోవాల్సిందే. పద్నాలుగు మందికి మొదటిదే సరిపోతుంది. షరతు ఒకటే: డిసెంబరు జీతాల ఈసీఆర్ జనవరి పదో తేదీకల్లా ఎక్కించి, డబ్బు కట్టిన రసీదు యజమాని ఫోన్‌లో పడ్డాకే గుమాస్తా ఊరి బస్సెక్కాలి.