నాలుగు నెలల వంతుకు కాదని చెప్పాలంటే

ఆస్తి పంపకాల కాగితంలో పొలం హద్దుల తర్వాత పెద్దమనుషులు ఒక మాట రాయించేవారు. అమ్మానాన్నలు ఒక్కో కొడుకు దగ్గర ఇన్నేసి నెలలు ఉండాలి, లేదంటే కొడుకులు ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం కొలవాలి. అందరూ ఒకే ఊళ్లో ఉన్న రోజుల్లో వంతు మారడమంటే వీధి మారడమే. ఇప్పుడు పెద్దకొడుకు తాడేపల్లిగూడెంలో, కూతురు బెంగళూరులో, చిన్నకొడుకు హైదరాబాద్‌లో ఉంటే అదే వంతు తల్లికి మూడు ఊళ్లు, ముగ్గురు డాక్టర్లు అవుతుంది.

ఇలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. తల్లికి 76 ఏళ్లు. తణుకులో సొంత ఇల్లుంది. బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. తలా నాలుగు నెలలు అని పెద్దవాడు అన్నాడు. చిన్నవాడిది లిఫ్టు లేని మూడో అంతస్తు. భార్యాభర్తలిద్దరూ పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం.

వంతులో మొదట తేడా వచ్చేది మందుల దగ్గర. తణుకు డాక్టరు ఆమ్లోడిపిన్ ఒక కంపెనీ పేరుతో రాస్తాడు, హైదరాబాద్ డాక్టరు అదే మందును మరో పేరుతో రాస్తాడు. పాత షీటు సంచిలోనే ఉంటుంది. ఆవిడ రెండూ వేసుకుంటుంది. పాదాలు వాస్తే, లేవగానే కళ్లు తిరిగితే వయసు అనుకుంటారు. ఇల్లు మారాక ఇలాంటివి కొత్తగా మొదలైతే ముందు మందుల సంచి కింద గుమ్మరించి చూడాలి. ఇక రాత్రిళ్లు బాత్రూం తలుపు ఎటుందో తెలియక పడటం మరో ప్రమాదం. మతిమరుపు మొదలైనవాళ్లయితే చోటు మారిన ప్రతిసారీ ఇంకాస్త తికమకపడతారు.

కాబట్టి చిన్నవాడు వంతు కాదనడంలో తప్పేం లేదు. ఎప్పుడు, ఎలా అంటాడన్నదే అసలు సంగతి. వంతు వారంలో పడుతుందనగా ఫోన్ చేసి చెబితే అది తప్పించుకోవడమే. రెండు మూడు నెలల ముందే చెప్పాలి. అంతకన్నా ముందు, పక్కన ఎవరూ లేనప్పుడు తల్లిని అడగాలి. అందరి ముందు అడిగితే ఆవిడ “మీ ఇష్టం నాయనా” అంటుంది, అది జవాబు కాదు. తణుకులోనే ఉంటానని ఆవిడ అన్నాక అన్నతో మాట్లాడాలి: “అన్నయ్యా, అమ్మను నాలుగు నెలలు మూడో అంతస్తులో కూర్చోబెట్టలేను. అమ్మ అక్కడే ఉంటానంటోంది. నేను ఏమేం చేయగలనో రాసుకొచ్చాను, నువ్వూ వదినా చూడండి.”

ఆ కాగితంలో లెక్క ఉండాలి. పగటి పనిమనిషికీ, రాత్రి తోడు పడుకునే మనిషికీ కలిపి నెలకు 14,000 అనుకుందాం. సరుకులు, గ్యాసు, కరెంటు 7,000. మందులు, పరీక్షలు 4,000. మొత్తం 25,000. తల్లికి ఫ్యామిలీ పెన్షన్ 10,000 వస్తే మిగిలింది 15,000. అందులో చిన్నవాడు 8,000, కూతురు 4,000, పెద్దవాడు 3,000. పెద్దవాడికి తక్కువ ఎందుకంటే ఆస్పత్రికి తీసుకెళ్లేదీ, అర్ధరాత్రి ఫోన్ వస్తే పరుగెత్తేదీ అతనే. డబ్బు ప్రతినెలా దానంతటదే తల్లి ఖాతాలో పడేలా బ్యాంకులో చెప్పాలి. అడిగితే గానీ రాని డబ్బు నాలుగో నెలకు తగాదా అవుతుంది.

డబ్బుతో సరిపెట్టుకుంటే మాత్రం ఆ పొత్తు నిలవదు. పనిమనిషి సంక్రాంతికి ఊరెళ్తుంది, వదినకు పుట్టింట్లో పెళ్లి పడుతుంది. ఆ రోజుల్లో సెలవు పెట్టి తణుకు వచ్చి ఉంటానని చిన్నవాడు కాగితం మీదే రాయాలి. తల్లిని కదిలించకుండా తాను కదలడమన్నమాట. మందుల జాబితా ఒకటే ఉంచి, ఏ డాక్టరు మార్చినా అందులో దిద్దే పని కూతురు ఫోన్ మీదే చేయగలదు. డబ్బు పంపేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది: దూరం నుంచి “అమ్మకు జావ ఇచ్చారా?” అని ఆరా తీయడం. వదినలకు ఒళ్లు మండేది అక్కడే. ఇక తణుకు ఇల్లు ఎవరికన్న మాట ఈ లెక్కలో కలపకూడదు, దాన్ని విడిగా తేల్చుకోవాలి.

చట్టం మాటకొస్తే, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం తిండి, బట్ట, వసతి, వైద్యం చూడాలంటుంది, కొడుకులతోపాటు కూతుళ్లూ బాధ్యులే అంటుంది. ఎవరింట్లో ఎన్ని నెలలన్నది అందులో లేదు. పట్టించుకోని పిల్లల మీద ఫిర్యాదు ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్తుంది.

కాదన్నవాడి నిజాయితీ తెలుసుకోవడం కష్టమేం కాదు. అతని కాగితంలో అతని జేబుకూ సెలవులకూ ఏమీ తగలకపోతే అది సాకే. తల్లికే మనవల మధ్య తిరుగుతూ ఉండటం ఇష్టమైతే, ఒంట్లో ఓపికా ఉంటే, అప్పుడు వంతు కాదనడానికి అతనికి ఇరుకు ఇల్లు ఒక్కటే కారణంగా చాలదు.

ఈ ఏర్పాటు ఎల్లకాలం సాగదు. ఆవిడ తానుగా మంచం దిగలేని రోజు వస్తే తోడు పడుకునే మనిషి చాలదు, ఇరవైనాలుగు గంటలూ చూసే మనిషి కావాలి, ఖర్చు రెట్టింపవుతుంది. అప్పుడు ముగ్గురూ కూర్చుని లెక్క మళ్లీ రాస్తారని మొదటి కాగితంలోనే చేర్చుకోవాలి.