ఉద్దులు కడితే చివరివాడంటూ ఉండడు

ఆటల పీరియడ్‌లో ఇద్దరు నాయకులు నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుచుకుంటూ పోతే, ఎవరు ఎంత పనికొస్తారో తరగతి అందరికీ వరుసగా చదివి వినిపించినట్టే. ఆఖరున మిగిలేది దాదాపు ప్రతిసారీ అదే ఒకరిద్దరు.

మన పల్లెల్లో పిల్లలు దీనికి ఎప్పుడో దారి కనిపెట్టారు. అదే ఉద్దులు కట్టడం. ఆటలో ఇంచుమించు సమానంగా ఉండే ఇద్దరు పక్కకు వెళ్లి రహస్యంగా చెరో పేరు పెట్టుకుంటారు. భుజాల మీద చేతులు వేసుకుని వచ్చి, "మల్లె కావాలా, సంపెంగ కావాలా?" అని అడుగుతారు. నాయకుడు మల్లె అంటే ఆ పేరు పెట్టుకున్నవారు అతని జట్టులోకి, రెండోవారు అవతలి జట్టులోకి వెళతారు. తర్వాతి జతను కోరుకునే వంతు రెండో నాయకుడిది. నాయకుడు ఎంచుకున్నది పువ్వునే గానీ మనిషిని కాదు. జతలో ఇద్దరూ సమానమే కాబట్టి ఎవరు ఎటు వెళ్లినా బలం పెద్దగా తేడా పడదు.

దీనికీ ఒక లోపం ఉంది. జతలు కట్టుకునే పని పిల్లలకే వదిలేస్తే, ఎవరూ ఉద్దిగా పిలవని పిల్ల అక్కడే ఒంటరిగా నిలబడిపోతుంది. అందుకే జతలను టీచరు ముందురోజే రాసుకోవాలి.

ఖోఖో ఆడే 25 మంది తరగతిని తీసుకుందాం. ముందుగా హాజరు పట్టీ వరుసలో ఒకరికి ఆ రోజు అంపైర్ పని ఇవ్వాలి. మర్నాడు ఆ పని తర్వాతి నంబరువారిది. మిగతా 24 మందిని పరుగును బట్టి వరుసగా రాసుకుని, పక్కపక్కన ఉన్నవారిని కలిపితే 12 జతలవుతాయి. ఈ కాగితం పిల్లల కంట పడకూడదు. జతలను పిలిచేటప్పుడు కూడా వరుస కలిపేసి పిలవాలి. నాయకులూ ఒక జతే. ప్రతి వారం జత మారుతుంటే నాయకత్వం అందరికీ అందుతుంది.

స్నేహితులు రహస్య పేరును నాయకుడికి ముందే సైగ చేస్తుంటే, పేరు టీచరే చెవిలో చెప్పాలి. ఒకే జట్టు వరుసగా భారీ తేడాతో గెలుస్తుంటే జాబితా పాతబడిందని అర్థం. కబడ్డీకి, క్విజ్‌కు వేరే జాబితాలు కావాలి, ఎందుకంటే పరుగులో వెనకబడ్డ పిల్ల క్విజ్‌లో ముందుండవచ్చు.

జట్టు కుదిరాక కూడా ఒకరు బయట మిగిలే ప్రమాదం ఉంది. ఖోఖోలో తరిమే జట్టు నుంచి కోర్టులో ఉండేది తొమ్మిది మందే. 12 మందిలో ముగ్గురు కూర్చోవాల్సిందే. ఆ ముగ్గురినీ నాయకుడి ఇష్టానికి వదలకుండా హాజరు నంబరు ప్రకారం నిర్ణయించి, తర్వాతి ఇన్నింగ్స్‌లో వారిని తప్పకుండా ఆడించాలి. ఈ నియమాన్ని ఆట మొదలుకాకముందే అందరికీ చెప్పాలి.