ధ్రువం దగ్గర ఆగాల్సిన లెక్క

1780లలో ఫ్రెంచి గణితవేత్త లెజాండ్రె, పూర్తి గుండ్రంగా లేని గోళాల ఆకర్షణను లెక్కగట్టే పనిలో ఉన్నాడు. గోళం మీద వేసే ఇలాంటి లెక్కల్లో ఒక సమీకరణం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. దానికి ఆయన పేరే నిలిచింది:

(1 − x²)y″ − 2xy′ + λy = 0

ఇక్కడ x అంటే మనం భూమధ్యరేఖకు ఎంత ఎడంగా ఉన్నామో చెప్పే కొలత. భూమధ్యరేఖ మీద అది 0, ఉత్తర ధ్రువం దగ్గర 1, దక్షిణ ధ్రువం దగ్గర −1. λ ఎంతో ముందుగా తెలియదు. అసలు చిక్కంతా దానితోనే.

జవాబును x ఘాతాల శ్రేణిగా రాసుకుందాం. సమీకరణంలో పెట్టి చూస్తే ఒక చక్కని నియమం తేలుతుంది: xⁿ గుణకాన్ని n(n+1) − λ తో గుణించి, (n+1)(n+2) తో భాగిస్తే, రెండు మెట్లు పైనున్న గుణకం వస్తుంది. ఒకటి తెలిస్తే చాలు, మిగతావి వరసగా దొరుకుతాయి.

λ = 5 అనుకుని, 1తో మొదలుపెట్టి చూడండి. x² గుణకం −2.5. తర్వాతవి −0.208, −0.104, −0.069, −0.051... తగ్గిపోతున్నాయి కదా, మొత్తం ఎక్కడో ఒకచోట కుదురుకుంటుందని అనిపిస్తుంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ అవి తగ్గే వేగం చాలదు. దూరం పోయేకొద్దీ అవి దాదాపు 1/n లాగే తగ్గుతాయి. అందువల్ల x = 1 దగ్గర, n నుంచి 2n దాకా ఉన్న పదాలను కూడితే, n ఎంత పెద్దదైనా ఇంచుమించు అంతే మొత్తం వస్తుంది. అలాంటి వాటాలకు అంతులేదు కాబట్టి ధ్రువం దగ్గర జవాబు అనంతమైపోతుంది. ధ్రువం అనేది మనం అక్షాన్ని బట్టి పేరు పెట్టుకున్న చోటు మాత్రమే. అక్కడ నిలబడ్డ మనిషిని భూమి అనంతమైన బలంతో లాగదు. కాబట్టి ఈ జవాబు పనికిరాదు.

ఇప్పుడు λ = 6 తీసుకోండి. x² గుణకం −3. తర్వాతి మెట్టులో n = 2 కాబట్టి 2×3 − 6 = 0. x⁴ గుణకం సున్నా, ఆపైవన్నీ సున్నాలే. 1 − 3x² అనే చిన్న బహుపది మిగిలింది, అది ధ్రువం దగ్గర కూడా నిక్షేపంగా ఉంటుంది. ఇదే λ కు xతో మొదలయ్యే ఇంకో శ్రేణి ఉంది, అది ఆగదు. దాన్ని వదిలేయాలి. శ్రేణి ఆగాలంటే λ విలువ 0, 2, 6, 12, 20 ఇలా l(l+1) రూపంలోనే ఉండాలి. ఈ నిబంధన పెట్టింది ధ్రువాలే.

1 − 3x² విలువ భూమధ్యరేఖ దగ్గర 1, ధ్రువాల దగ్గర −2. భూమి సగటు వ్యాసార్ధం 6371 కిలోమీటర్లు. భూమధ్యరేఖ దగ్గర అంతకు 7 కిలోమీటర్లు ఎక్కువ, ధ్రువాల దగ్గర 14 కిలోమీటర్లు తక్కువ.