డబ్బా అడుగున తాళంచెవి

2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చిపెట్టే డైన్ అనే కంపెనీ మీద ఒక్కసారిగా విరుచుకుపడ్డ రద్దీ అందుకు కారణం. ఆ రద్దీ పుట్టింది ఇళ్లలో, దుకాణాల్లో ఉండే సీసీ కెమెరాలు, వాటి రికార్డర్లు, రూటర్ల నుంచి. మిరాయ్ అనే మాల్‌వేర్ వాటిలోకి దూరడానికి గొప్ప విద్యలేమీ ప్రదర్శించలేదు. ఫ్యాక్టరీలో పెట్టి పంపే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు ఓ అరవై దగ్గర పెట్టుకుని, కనబడ్డ ప్రతి పరికరం మీదా కొట్టి చూసింది. `admin`, `admin` అనేది అందులో ఒక జత. పరికరాన్ని ఆపి మళ్లీ వేస్తే మిరాయ్ పోయేది. పాస్‌వర్డ్ మార్చకపోతే కాసేపట్లో తిరిగొచ్చేది.

మరుసటి ఏడాది జులైలో మన దగ్గర బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెములకూ ఇలాంటి దెబ్బే తగిలింది. పాత పాస్‌వర్డ్‌తోనే ఉన్న మోడెములు మాల్‌వేర్ పాలయ్యాయి. పాస్‌వర్డ్ మార్చుకోండని సంస్థ వినియోగదారులకు చెప్పాల్సివచ్చింది.

రూటర్‌కు పాస్‌వర్డులు రెండని చాలా ఇళ్లలో తెలియదు. చుట్టాలొస్తే చెప్పేది వైఫై పాస్‌వర్డ్. రెండోది రూటర్ సెట్టింగుల పేజీలోకి వెళ్లడానికి కావలసిన అడ్మిన్ పాస్‌వర్డ్. దీన్ని ఎవరైనా పట్టుకుంటే వైఫై పాస్‌వర్డ్ మార్చేయడంతో ఆగరు. రూటర్‌లోని డీఎన్ఎస్ చిరునామాను మార్చి, బ్యాంకు పేరు సరిగ్గానే టైపు చేసినవాళ్లను నకిలీ పేజీకి పంపగలరు. ఈ సంగతి విన్నవాళ్లు కూడా ఎందుకు మార్చరంటే, కొత్త పాస్‌వర్డ్ పెట్టి లోపలికి వెళ్లలేకపోతే ఇంట్లో నెట్టే పోతుందేమోనని. భయం అర్థంలేనిదేం కాదు. కాకపోతే, అడ్మిన్ పాస్‌వర్డ్ మరిచిపోయినంత మాత్రాన నెట్ ఆగదు. కంగారులో రీసెట్ మీట నొక్కితేనే ఆగుతుంది.

రాజమండ్రిలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇల్లు అనుకుందాం. ఫైబర్ కనెక్షన్ పెట్టిన కుర్రాడు వైఫై పాస్‌వర్డ్‌ను గోడ క్యాలెండర్ మీద రాసి వెళ్లాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంది. మాస్టారు ముందు ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో రూటర్‌కు కలిపారు. వైఫై ద్వారా మారుస్తుంటే మధ్యలో కనెక్షన్ ఊడుతుంది, కేబుల్‌తో ఆ బెడద లేదు. రూటర్ చిరునామా కోసం విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా కొట్టారు:

```
ipconfig
```

`Default Gateway` ఎదురుగా `192.168.1.1` అని వచ్చింది. దాన్ని బ్రౌజర్‌లో టైపు చేస్తే లాగిన్ పేజీ తెరుచుకుంది.

పాస్‌వర్డ్ జోలికి వెళ్లకముందు చేయాల్సిన పని ఒకటుంది. `WAN` పేజీని ఫోనుతో ఫొటో తీసుకోవాలి. కంపెనీ ఇచ్చిన `PPPoE` యూజర్‌నేమ్, `VLAN ID` వంటివి ఉండేది అక్కడే. రీసెట్ చేస్తే తుడిచిపెట్టుకుపోయేవీ ఇవే. `PPPoE` పాస్‌వర్డ్ మాత్రం తెర మీద చుక్కలుగా కనబడుతుంది కాబట్టి ఫొటో చాలదు. మాస్టారు ఆపరేటర్‌కు ఫోన్ చేసి, దాన్ని అడిగి రాసుకున్నారు. నెట్ పోయాక ఆదివారం సాయంత్రం అడగడం కంటే, నెట్ ఉండగా అడగడం ఎంతో సుఖం. `Backup` మీట ఉంటే సెట్టింగుల ఫైలును కూడా దాచుకోవచ్చు. అందులో ఒక మెలిక ఉంది: చాలా రూటర్లలో ఆ ఫైలుతోపాటు అప్పటి అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా వెనక్కి వచ్చేస్తుంది. అందుకే పాస్‌వర్డ్ మార్చాక ఇంకో కాపీ తీసుకోవాలి.

ఇక కొత్త పాస్‌వర్డ్. మాస్టారు నోట్‌ప్యాడ్‌లో కంటికి కనబడేలా పన్నెండు అక్షరాలు, అంకెలు టైపు చేసుకుని, కాగితం మీద రాసుకుని, అక్కడి నుంచి కాపీ చేశారు. ఇరవై ముప్ఫై అక్షరాలు పెడితే మంచిదేగా అనిపిస్తుంది. కానీ కొన్ని పాత రూటర్లు పదిహేనో పదహారో అక్షరాలు తీసుకుని, మిగతావి చెప్పాపెట్టకుండా వదిలేస్తాయి. ప్రత్యేక గుర్తులు కొన్నింటికి మింగుడుపడవు. పన్నెండు అక్షరాలైతే ఆ చిక్కు ఉండదు.

సేవ్ నొక్కగానే చాలా రూటర్లు బయటికి నెట్టి, మళ్లీ లాగిన్ అడుగుతాయి. నెట్టకపోతే మనమే బయటికొచ్చి, బ్రౌజర్ ప్రైవేట్ విండోలో కొత్త పాస్‌వర్డ్‌తో వెళ్లి చూడాలి. మామూలు విండోలో బ్రౌజర్ తాను గుర్తుపెట్టుకున్న పాత పాస్‌వర్డ్‌నే నింపేస్తుంది. మాస్టారికి మొదటిసారి జరిగింది అదే. ‘తప్పు పాస్‌వర్డ్’ అని రాగానే ఆయన చెయ్యి రీసెట్ రంధ్రం వైపు వెళ్లింది. ప్రైవేట్ విండోలో కొత్తది కొడితే ఒక్కసారికే తెరుచుకుంది. అప్పటికీ తెరుచుకోకపోతే క్యాప్స్ లాక్ చూసుకోవాలి, ఫోనులో అయితే మొదటి అక్షరం దానంతటదే పెద్దదైందేమో గమనించాలి. వరసగా తప్పులు పడితే కొన్ని రూటర్లు కొన్ని నిమిషాలు అసలు పలకవు. ఆ సమయంలో సరైన పాస్‌వర్డ్ కూడా పనిచేయదు కాబట్టి కాఫీ తాగి రావడమే మేలు.

తర్వాత వైఫై. పాస్‌వర్డ్ మార్చగానే ఇంట్లో ఫోన్లు, టీవీ అన్నీ ఒక్కసారిగా ఊడిపోతాయి. దేనికదే కొత్త పాస్‌వర్డ్ ఇస్తే కలుస్తుంది. సెక్యూరిటీ రకంలో `WPA3` ఒక్కటే ఎంచుకుంటే పాత ఫోన్లు, కెమెరాలు కలవవు. ఏదో పాడైందని జనం అనుకునేది ఇక్కడే. `WPA2/WPA3` కలిసి ఉన్నది ఉంటే అది పెట్టాలి, లేకపోతే `WPA2` చాలు. ఇంటి బయటి నుంచి సెట్టింగుల పేజీ తెరవనిచ్చే `Remote Management` ఆపేయాలి. `WPS` కూడా ఆపేయవచ్చు. `TR-069` అనే పేజీ కనిపిస్తే ముట్టుకోకూడదు, అది కంపెనీవాళ్లు తమ వైపు నుంచి రూటర్‌ను సరిచేసే దారి. మ్యాక్ ఫిల్టర్ జోలికి పోవద్దనే ఈ రచయిత సలహా. దానివల్ల దొంగకు అడ్డు తక్కువ, ఇంటివాళ్లు తమ ల్యాప్‌టాప్‌నే బయట పెట్టుకోవడం ఎక్కువ.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వేసుకోవచ్చు, కరెంటు పోయే వేళల్లో మాత్రం వద్దు. మధ్యలో ఆగితే డబ్బా మళ్లీ లేవకపోవచ్చు.

అన్నీ చేసినా లోపలికి వెళ్లలేకపోతే మిగిలేది రీసెట్. డబ్బా ఆన్‌లో ఉండగా, పిన్నుతో ఆ చిన్న రంధ్రంలోని మీటను పది సెకన్లో, లైట్లు మినుకుమనేదాకానో నొక్కిపట్టాలి. స్టిక్కర్ మీది పాస్‌వర్డ్ మళ్లీ పనిచేస్తుంది, `WAN` ఫొటో చూసి వివరాలు నింపితే సాధారణంగా నెట్ వస్తుంది. ఫైబర్ తీగ నేరుగా వచ్చి చేరే డబ్బా అయితే ఆపరేటర్‌ను అడగకుండా ఆ పని చేయకూడదు. కంపెనీ దానిలో నమోదు చేసిన గుర్తింపు వివరాలు కూడా పోవచ్చు, వాటిని మనం నింపలేం.

రిపేరుకు వచ్చినవాళ్లు చాలాసార్లు చేసే మొదటి పని రీసెట్టే. మాస్టారింటికి తర్వాత వచ్చిన కుర్రాడూ అదే చేశాడు. అతను వెళ్లాక ఆయన కాగితం తీసి కొత్త పాస్‌వర్డ్ కొట్టి చూశారు, తెరుచుకోలేదు. స్టిక్కర్ మీదిది కొట్టారు, తెరుచుకుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈసారి పావుగంట పట్టింది.